కథకు తొందర, ఆటగాడికి తీరిక

సిరి అనే అమ్మాయి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోతోంది. వైల్డ్ హంట్ అనే ప్రేతాల్లాంటి రౌతుల దండు ఆమెను తరుముతోంది. ఆ పిల్లను కన్నకూతురిలా పెంచిన గెరాల్ట్ ఊరూరా తిరిగి ఆమె జాడ కోసం వెతుకుతున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఆమె దక్కదన్న ఆందోళన కథలో అడుగడుగునా వినిపిస్తుంది. అదే గెరాల్ట్ దారిలో కనిపించిన సత్రంలో కూర్చుని గ్వెంట్ అనే పేకాట ఎంతసేపైనా ఆడుకోవచ్చు. గుర్రప్పందేలకు వెళ్లొచ్చు. పల్లెటూరి బావిలో దూరిన దయ్యాన్ని వదిలించి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు. నెలల తరబడి ఇలా గడిపినా సిరికి ఏమీ కాదు. ఆమెను తరిమే దండు కూడా ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మనం మళ్లీ ఆమె జాడ పట్టుకున్న క్షణాన అందరూ కదులుతారు.

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015లో తెచ్చిన 'ది విచర్ 3: వైల్డ్ హంట్' ఇది. కథ బలంగా ఉన్న ఆటల పేర్లు చెప్పమంటే ఇప్పటికీ ముందు వరసలో వినిపిస్తుంది. అంత మంచి ఆటలోనూ ఈ అతుకు కనిపిస్తుందంటే అది రచయితల చేతకానితనం కాదు. ఓపెన్ వరల్డ్ ఆటలన్నిటికీ పుట్టుకతోనే వచ్చిన చిక్కు అది.

ఓపెన్ వరల్డ్ అంటే ఒక దశ పూర్తిచేస్తే ఇంకో దశ తెరుచుకునే ఆట కాదు. ఒక పెద్ద ప్రాంతాన్ని, అందులోని ఊళ్లు, అడవులు, కొండలు, మనుషులతో సహా ముందు పరిచేసి, ఎటు వెళ్తావో నీ ఇష్టం అని వదిలేసే ఆట. ఇందులో స్వేచ్ఛకూ కథకూ గొడవ ఉందని అందరూ అంటారు. ఆ గొడవ దేని గురించి అన్న దగ్గరే చాలామంది పొరబడతారని నాకనిపిస్తుంది. మ్యాప్ ఎంత పెద్దది, ఎటు వెళ్లనిస్తారు, ఎటు వెళ్లనివ్వరు అనే లెక్కలు చూస్తారు. అసలు పేచీ చోటు గురించి కాదు, కాలం గురించి. కథకు తొందర కావాలి. ఒక సంఘటన తర్వాత ఇంకోటి, అదీ తగిన వేళకు జరగాలి. ఆటగాడికి తీరిక కావాలి. నచ్చిన చోట నచ్చినంతసేపు ఆగిపోగలగాలి. గడియారం ఎవరి చేతిలో ఉండాలన్నదే తగవు.

తిరనాళ్లలో రాత్రి నాటకం జరుగుతుంటే పిల్లలు మధ్యలో లేచి రంగులరాట్నం దగ్గరికి పరుగెత్తుతారు. నాటకం వాళ్ల కోసం ఆగదు. తిరిగొచ్చేసరికి రాజుగారు యుద్ధంలో పోయి ఉండొచ్చు. ఓపెన్ వరల్డ్ ఆటల్లో మాత్రం పిల్లవాడు లేచిన మరుక్షణం నటులంతా కత్తులు ఎత్తినవి ఎత్తినట్టే నిలబడిపోతారు.

మన దగ్గర ఈ రకం ఆటను ఎక్కువమంది మొదట చూసింది నెట్ సెంటర్లలో, 'వైస్ సిటీ' రూపంలో. రాక్‌స్టార్ సంస్థ 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' వరసలో 2002లో తెచ్చిన ఆట. గంటకింత అని కట్టి ఆడే పిల్లల్లో టామీ వెర్సెట్టి కథేమిటో తెలిసినవాళ్లు తక్కువ. కీబోర్డు మీద PANZER అని కొట్టి యుద్ధ ట్యాంకు తెప్పించుకోవడం, కనిపించిన కారల్లా ఎక్కి తిరగడం, ఇదే ఆట. కథ పట్టించుకున్నవాళ్లు బొమ్మ హెలికాప్టర్‌తో బాంబులు పెట్టే మిషన్ దగ్గర చిక్కుకుని మానేసినవాళ్లే. ఆ ఆటలో ఊరు రెండు పెద్ద దీవులు. మొదట్లో వంతెనలన్నీ మూసి ఉంటాయి. తుపాను హెచ్చరిక అని కారణం చెబుతారు. కథలో కొంతదూరం వెళ్లి 'నామ్ పెన్ 86' అనే మిషన్ పూర్తిచేస్తే తప్ప అవతలి దీవికి దారి ఉండదు. ఊరు చూడాలనే కోరికను ఎరగా వేసి కథ వైపు లాక్కెళ్లే పద్ధతి ఇది. చోటుకు తాళం వేశారు. కాలాన్ని మాత్రం తాకలేదు. మిషన్ ఇచ్చే మనిషి ఎన్నాళ్లయినా అక్కడే నిలబడి ఉంటాడు.

అదే సంస్థ 16 ఏళ్ల తర్వాత, 2018లో, ఈ పద్ధతిని దాని కొస వరకూ తీసుకెళ్లింది. ఆ ఆట పేరు 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'. ఇక్కడి నుంచి కొన్ని ఆటల కథల గుట్టు విప్పక తప్పదు. ఆడబోయేవాళ్లు గమనించాలి.

కథాకాలం 1899. అమెరికాలో బందిపోటు ముఠాల రోజులు ముగిసిపోతున్న సమయం. డచ్ వాన్ డర్ లిండ్ నాయకత్వంలోని ఒక ముఠాలో ఆర్థర్ మోర్గన్ కుడిభుజంలాంటి వాడు. మనం ఆడేది అతనిగానే. ఈ ఆటలో స్వేచ్ఛ ఎంత విశాలమో చెప్పడానికి ఆ లోకమే చాలు. మంచుకొండల్లో దుప్పి అడుగుజాడలు పట్టుకుని పోవచ్చు. చెరువు గట్టున కూర్చుని చేపలు పట్టొచ్చు. ముఠా బస చేసిన చోట రాత్రి మంట చుట్టూ కూర్చుని పాటలు వినొచ్చు. గుర్రానికి మేత వేయడం, దాన్ని శుభ్రం చేయడం కూడా మన పనే. గడ్డం పెరుగుతుంది, కావాలంటే గీసుకోవచ్చు. ఇంత తీరికగా మనిషి రోజులు గడిచే తీరును చూపించిన ఆట నాకు ఇంకోటి కనిపించలేదు.

మ్యాప్‌లో పసుపు గుర్తు దగ్గరికి వెళ్లి మిషన్ మొదలుపెట్టగానే ఆ లోకం సన్నని సందులా మారిపోతుంది. తోటి దొంగ కుడివైపు నుంచి రమ్మంటే కుడివైపు నుంచే రావాలి. ఎడమవైపు మిట్ట ఎక్కి చాటు నుంచి కాల్చవచ్చని తోచి అటు కదిలితే, ముందు హెచ్చరిక, తర్వాత మిషన్ విఫలమైందని ఎర్ర అక్షరాలు. ఐదు నిమిషాల క్రితం అదే మిట్ట మీద అదే తుపాకీతో జింకను కొట్టాం. అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు? కథ నడుస్తున్నప్పుడు గడియారం రచయిత చేతిలో ఉంటుంది, లేనప్పుడు మన చేతిలో ఉంటుంది. రెంటినీ కలపకుండా గోడ కట్టేశారు. ఆట వచ్చినప్పటి నుంచీ విమర్శకులు ఈ గోడనే తప్పుపడుతున్నారు. అది న్యాయమైన విమర్శే.

కానీ ఈ గోడ వల్ల సాధ్యమైనదేమిటో కూడా చూడాలి. రెండో అధ్యాయంలో ముఠాకు వడ్డీ వ్యాపారం చూసే స్ట్రాస్ అనే మనిషి బాకీల వసూలుకు ఆర్థర్‌ను పంపుతాడు. ఆ బాకీదారుల్లో థామస్ డౌన్స్ అనే బక్కచిక్కిన రైతు ఒకడు. ఆర్థర్ అతన్ని ఇంటి ముందే, భార్యాబిడ్డలు చూస్తుండగా కొడతాడు. దెబ్బలకు దగ్గుతూ డౌన్స్ ఆర్థర్ ముఖం మీద రక్తం చిమ్ముతాడు. ఆర్థర్ తుడుచుకుని వెళ్లిపోతాడు. అది క్షయ. ఆ సంగతి ఆర్థర్‌కు గానీ, మొదటిసారి ఆడుతున్నవారికి గానీ తెలియదు. ఎన్నో గంటల ఆట తర్వాత, ఆరో అధ్యాయంలో, సెంట్ డెనిస్ నగరం వీధిలో అతను కుప్పకూలితే డాక్టరు ఆ మాట చెబుతాడు. అప్పుడు మనకు గుర్తొచ్చేది ఆ కొట్టిన చేయి. బటన్ నొక్కింది మనమే. ఆ మిషన్ తప్పించుకునే వీలు ఇచ్చి ఉంటే తెలివైన ఆటగాళ్లంతా తప్పించుకునేవాళ్లు. అప్పుడు ఆర్థర్ కథే లేదు. చేయక తప్పని పనిని మన చేత్తోనే చేయించి, దాని ఫలితాన్ని చాలాకాలం తర్వాత మన ముందు పెట్టడం సందులాంటి మిషన్ వల్లే కుదిరింది.

అయితే కాలం దగ్గర అతుకు మాత్రం ఇక్కడా ఊడుతుంది. డౌన్స్ దగ్గర రోగం అంటుకున్న తర్వాత నేను చాలాకాలం కథను వదిలేసి వేటలోనే తిరిగాను. ఆటలోని లెక్క ప్రకారం నెలలు గడిచాయి. ఆర్థర్ ఒక్కసారి దగ్గలేదు. కొండలెక్కాడు, ఏర్లు ఈదాడు, ఎలుగుబంటితో కలబడ్డాడు. రోగం శరీరంలో లేదు, పసుపు గుర్తులో ఉంది. మనం దాని దగ్గరికి వెళ్తేనే అది ముదురుతుంది. చివరి అధ్యాయంలో ముఖం పీక్కుపోయిన ఆర్థర్‌ను చూస్తూ కూడా మనం చెరువు గట్టున నిరవధికంగా కూర్చోవచ్చు. చావును వాయిదా వేసుకునే వరం అతనికి కథ ఇవ్వలేదు, స్వేచ్ఛ ఇచ్చింది. ఆడిన చాలామందిలాగే నేనూ చివరి మిషన్లు మొదలుపెట్టకుండా కావాలనే తిరిగాను. అతన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేక అలా చేశాను. ఆ తాత్సారంలో ప్రేమ ఉంది. కానీ అది రచయితలు తలచి పెట్టింది కాదు, అతుకు లోంచి దొరికింది.

ఈ గోడను మరోలా దాటవచ్చని అంతకు ఏడాది ముందే జపాన్‌లో చేసి చూపించారు. 2017 మార్చిలో నింటెండో 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' విడుదల చేసింది. దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి, నిర్మాత ఐజి అవొనుమా. ఈ ఆటను కాస్త నిదానంగా విప్పి చూడాలి. కథనూ స్వేచ్ఛనూ కలిపిన తీరు ఇందులో పనిముట్టులా స్పష్టంగా కనిపిస్తుంది.

లింక్ అనే యువకుడు ఒక గుహలో నీటి పడకలో కళ్లు తెరుస్తాడు. గతం ఏమీ గుర్తులేదు. బయటికి పరుగెత్తి కొండ అంచున నిలబడితే రాజ్యమంతా కనిపిస్తుంది. దూరాన శిథిలమైన కోట ఉంటుంది. అతను నిలబడింది నాలుగు వైపులా నిట్టనిలువు గోడలున్న ఒక పీఠభూమి. దూకితే చావే. దిగాలంటే గాలిలో తేలించే పారాగ్లైడర్ కావాలి. అది అక్కడ తిరిగే ఒక ముసలాయన దగ్గర ఉంది. ఆ పీఠభూమిలోని నాలుగు గుళ్లలాంటి చోట్లకు వెళ్లి, వాటిలో దాచినవి తెస్తే ఇస్తానంటాడాయన.

ఆట మొత్తంలో మనల్ని కట్టేసి నేర్పేది ఇక్కడే. ఆ కట్టడిలో కూడా దారి చెప్పరు. నాలుగు గుళ్లు ఏ వరసలోనైనా చూడొచ్చు. ఒకటి చలికొండ మీద ఉంటుంది, చలికి ప్రాణం తరిగిపోతుంది. వెచ్చని అంగీ సంపాదించి వెళ్లొచ్చు, కారం మిరపకాయలతో వండుకుని తిని వెళ్లొచ్చు, చేతిలో కాగడా పట్టుకుని వెళ్లొచ్చు. ఏది చేసినా ఆట ఒప్పుకుంటుంది. చలి, మంట, బరువు, గాలి వీటికి కొన్ని నియమాలు పెట్టి, అవి ఎక్కడైనా ఒకేలా పనిచేసేట్టు చేశారు. అందుకే ఇక్కడ నేర్చుకున్నది రాజ్యమంతా చెల్లుతుంది. మిషన్‌లో ఒక నియమం, బయట ఇంకో నియమం అనే గోడే లేదు.

నాలుగూ పూర్తయ్యాక ముసలాయన నిజం చెబుతాడు. ఆయన ఆ రాజ్యపు చివరి రాజు ఆత్మ. గానన్ అనే మహావిపత్తు చేతిలో రాజ్యం ఓడిపోయి 100 ఏళ్లయింది. ఆ యుద్ధంలో లింక్ చావు అంచుకు వెళ్లాడు. రాకుమారి జెల్డా ఒంటరిగా కోటలో గానన్‌ను ఆ వందేళ్లుగా పట్టి ఉంచింది. పారాగ్లైడర్ చేతికొస్తుంది. ఆట లక్ష్యం జాబితాలో పడుతుంది: గానన్‌ను అంతం చేయాలి. ఆ క్షణం నుంచి మనం నేరుగా కోటకు వెళ్లి ఆఖరి యుద్ధానికి దిగవచ్చు. ఎవరూ ఆపరు. ఆరితేరినవాళ్లు అలా వెళ్లి అరగంట లోపే ఆట ముగిస్తున్నారు.

మామూలువాళ్లు వెళ్తే చిత్తుగా ఓడిపోతారు. ఎందుకంటే రాజ్యం నాలుగు మూలల్లో దివ్యమృగాలనే నాలుగు పెద్ద యంత్రాలు గానన్ వశంలో ఉన్నాయి. వాటిని విడిపిస్తే, ఆఖరి యుద్ధం మొదట్లోనే అవి కలిసి గానన్‌ను కొట్టి సగం ప్రాణం తీసేస్తాయి. విడిపించకుండా వెళ్తే, వాటిని ఆక్రమించిన భూతాలను కోటలోనే ఒకదాని తర్వాత ఒకటి ఎదుర్కోవాలి. అంటే కథలోని ఘట్టాలు తాళాలు కాదు, ఆసరాలు. చేయకపోయినా తలుపు తెరిచే ఉంటుంది, బరువు మాత్రం పెరుగుతుంది. ఏ ఘట్టాన్నయినా వదిలేయవచ్చు, దాని లోటు మాత్రం కథ లోపలే తెలుస్తుంది. నా దృష్టిలో ఆటల రూపకల్పనలో ఇంత నిజాయితీ అరుదు.

ఇక కాలం సంగతి. ఇక్కడ తొందర ఎందుకు అబద్ధం అనిపించదో చూడండి. జరగాల్సిన ఘోరం వందేళ్ల కిందటే జరిగిపోయింది. జెల్డా వందేళ్లు ఓర్చుకుంది. మనం ఇంకో నెల పుట్టగొడుగులు ఏరుకుంటూ తిరిగినా, గుర్రాలను మచ్చిక చేసుకుంటూ గడిపినా, ఆ వందేళ్ల ముందు అది లెక్కలోకి రాదు. గతం మరచిన లింక్ దారి తప్పి తిరగడం కథకు విరుద్ధం కాదు, అదే కథ. అతను ఆ లోకాన్ని మళ్లీ తెలుసుకోవాలి. మనం చేస్తున్నదీ అదే.

గతాన్ని చెప్పే పద్ధతి ఇంకా తెలివైనది. లింక్ దగ్గరున్న పలకలో జెల్డా ఒకప్పుడు తీసిన 12 ఫొటోలు ఉంటాయి. ఒక చెరువు, ఒక విరిగిన ద్వారం, దూరాన ఒక కొండ. చోటు పేరు ఉండదు. రాజ్యంలో తిరుగుతూ ఆ దృశ్యం ఎక్కడిదో మనమే పోల్చుకోవాలి. అక్కడ నిలబడితే పాత సంఘటన ఒకటి గుర్తొస్తుంది. గుర్రాల సత్రాల దగ్గర బొమ్మలు గీసే పికాంగో అనే ఆయనకు ఫొటో చూపిస్తే ఎక్కడ వెతకాలో సూచన ఇస్తాడు. ఏ జ్ఞాపకం ముందు, ఏది తర్వాత అన్నది మన నడకను బట్టే ఉంటుంది.

ఇలా ముక్కలు చేసి, వరస తప్పించి చెబితే కథ ఎలా నిలిచింది? ముగింపు ముందే తెలుసు కాబట్టి నిలిచింది. వాళ్లు ఓడిపోయారని మొదటి గంటలోనే చెప్పేశారు. ఇక ఏమైంది అన్న ప్రశ్నే లేదు. ఆమె ఎలాంటి మనిషి అన్న ప్రశ్న మిగిలింది. ఎన్ని ప్రార్థనలు చేసినా తనలో మేల్కోని శక్తి కోసం జెల్డా పడే వేదన, తండ్రి మందలింపు, ఎప్పుడూ వెంట ఉండే లింక్ మీద ఆమె చిరాకు, ఆ చిరాకు నమ్మకంగా మారడం, వానలో ఆమె ఏడుపు. వీటిలో దేన్ని ముందు చూసినా చెడిపోయేదేమీ లేదు. పరిచయమున్న మనిషి గురించి ఒక్కో సంగతి ఒక్కో చోట వింటున్నట్టే ఉంటుంది.

రాజ్యంలో తిరగడానికి కూడా కనబడని చేయి ఒకటి ఉంది. ఆట తయారీదారులు జపాన్‌లో జరిగిన ఒక సదస్సులో దాన్ని వివరించారు. నేలను ఎక్కువగా త్రికోణాల రూపంలో మలిచారు. త్రికోణపు గుట్ట ఎదురైతే ఎక్కడమా, చుట్టి వెళ్లడమా అన్న ఎంపిక మనది. ఎలా వెళ్లినా గుట్ట వెనక దాగినది మెల్లగా బయటపడుతుంది. ఒక గుడి వెలుగో, గోపురమో, శత్రువుల గుడిసెలో కనిపించి కాలు అటు లాగుతుంది. పైనుంచి బాణం గుర్తు పెట్టి రమ్మనడం కంటే ఇది మర్యాదైన పద్ధతి. ఇది కూడా నడిపించడమే. స్వేచ్ఛ అంటే ఎవరూ దారి వేయకపోవడం కాదు. వేసిన దారుల్లో ఏదైనా పట్టుకోగలగడం, ఒక్కటీ పట్టకుండా ఉండగలగడం.

ఇంత మెచ్చుకున్నాక దీని ఖరీదు కూడా చెప్పాలి. కథ అంతా గతంలో ఉండటం వల్ల వర్తమానం పల్చబడింది. లింక్ ఇప్పుడు కలిసే మనుషులు మంచివాళ్లే. కానీ వాళ్లకు అతని వల్ల కోలుకోలేని నష్టం జరగదు. అతను ఎవరినీ కొట్టి ఆనక ఎన్నాళ్లకో పశ్చాత్తాపపడడు. వాయిదా వేయగల కథలో పోగొట్టుకునేది ఉండదు. పోయినవాళ్లు ముందే పోయారు. డౌన్స్ భార్య ఎడిత్ ముఖంలోకి ఆర్థర్ చూడలేకపోయిన క్షణం లాంటిది ఈ ఆటలో లేదు, దీని పద్ధతికి అది పుట్టదు కూడా.

ఈ పద్ధతి ఎంత సున్నితమైనదో తర్వాతి ఆటలో తెలిసింది. 2023 మేలో అదే బృందం 'టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్' తెచ్చింది. కనిపించకుండా పోయిన జెల్డాను ఇందులో వెతకాలి. మళ్లీ గతాన్ని జ్ఞాపకాల ముక్కలుగానే పరిచారు. నేల మీద పెద్ద పెద్ద బొమ్మలు గీసి ఉంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో దృశ్యం. వాటినీ ఏ వరసలోనైనా చూడొచ్చు. కానీ ఈసారి ఆ దృశ్యాల్లో ఒక గుట్టు ఉంది. జెల్డా ఎన్నో యుగాల వెనక్కి వెళ్లిపోయి, తిరిగి రావడానికి వేరే దారి లేక, మహా డ్రాగన్‌గా మారి ఆకాశంలో తిరుగుతోంది. ఆ దృశ్యం తొలి పదిగంటల్లోనే ఎదురుపడవచ్చు. అప్పుడు మిగతా దృశ్యాలన్నీ సమాధానం తెలిసిన ప్రశ్నలైపోతాయి.

అసలు దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. నాలుగు ప్రాంతాల్లోనూ జెల్డా కనిపించిందని జనం చెబుతుంటారు, ఆమె వింతగా ప్రవర్తిస్తోందంటారు. ఆమె నకిలీ అని మనకు తెలుసు. నిజమైన జెల్డా ఎక్కడుందో కూడా తెలుసు. లింక్ మాత్రం నోరు విప్పడు. ఆమె కోసం కంగారుపడుతున్నవాళ్ల పక్కనే నిలబడి, మరో గుడిలో యుద్ధానికి వెళ్తాడు. పైగా ఆ నాలుగు ప్రాంతాలూ ఏ వరసలో చూస్తామో తెలియదు కాబట్టి, ప్రాచీన యుద్ధం గురించిన వివరణ నాలుగు చోట్లా దాదాపు ఒకేలా పెట్టారు. నలుగురు పూర్వీకులు నాలుగుసార్లు అదే సంగతి చెబుతారు, వినేవాళ్లు నాలుగుసార్లు అలాగే ఆశ్చర్యపోతారు. మొదటిసారి గంభీరంగా ఉన్నది నాలుగోసారి భరించలేం. ఓపెన్ వరల్డ్ కథలో తేడా కొడుతోందని పట్టుకోవడానికి ఇవి రెండు మంచి ఆనవాళ్లు. ఒకటి, మనకు తెలిసినది మన పాత్రకు తెలియనట్టు ఉండటం. రెండు, ఒకే విషయాన్ని ప్రతిచోటా మళ్లీ మొదటినుంచీ చెప్పడం.

'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'లో అడిగింది ఒక మనిషి ఎలాంటిదని. దానికి వరస అక్కర్లేదు. 'టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్'లో అడిగింది ఆమె ఎక్కడుందని. దానికి వరస లేకపోతే పని జరగదు. ప్రశ్న మారితే పాత్ర కూడా మారాలన్న సంగతి అంత అనుభవమున్న బృందం కూడా పట్టించుకోలేదు. డ్రాగన్ మీద నిలబడి, ఆమె తలలో దిగిన కత్తిని లాగే ఘట్టం మాత్రం నేను ఆడిన ఆటల్లోని గొప్ప ఘట్టాల్లో ఒకటి. దాన్ని చేరే దారి ఇంకా జాగ్రత్తగా వేయాల్సింది.

గడియారాన్ని ఆపకుండా నిజంగానే తిరగనిచ్చిన ఆటలూ ఉన్నాయి. 1997 నాటి 'ఫాలౌట్'లో అణుయుద్ధం తర్వాత భూగర్భంలో దాక్కున్న జనానికి నీళ్లు శుద్ధిచేసే చిప్ పాడవుతుంది. 150 రోజుల్లో కొత్తది తేకపోతే అందరూ చనిపోతారు, ఆట ముగుస్తుంది. అది తెచ్చాక కూడా మరో పెద్ద ముప్పుకు ఇంకో గడువు ఉండేది. ఆటగాళ్లు గగ్గోలు పెట్టడంతో ఆ రెండోదాన్ని తర్వాతి సవరణలో దాదాపు తీసేశారు. తిరగడానికి వచ్చినవాళ్లను గడువుతో బెదిరిస్తే చూడాల్సినదేదో చూడకుండా పోతోందన్న దిగులు తప్ప ఇంకేమీ మిగలదు. 2019లో వచ్చిన 'ఔటర్ వైల్డ్స్' ఆ దిగులును తీసేసింది. అందులో 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదటినుంచీ మేలుకుంటాం. మనకు కొత్త ఆయుధాలు రావు, బలం పెరగదు. తెలుసుకున్నది మాత్రం మిగులుతుంది. సంగతి మొత్తం తెలిసినవాళ్లు ఒక్క 22 నిమిషాల చుట్టులోనే చివరికి చేరగలరు. ఇక్కడ మనకు తెలిసిందే మన పాత్రకూ తెలుసు, ఆ అతుకే లేదు. ఒకసారి తెలిశాక తెలియనట్టు మళ్లీ ఆడలేం, అదొక్కటే నష్టం.

ఈ దారిలో నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం వీటన్నిటి మధ్యకాలానిది, 2000లో నింటెండోనే తెచ్చిన 'మజోరాస్ మాస్క్'. మ్యాప్ నేటి ఆటలతో పోలిస్తే చిన్నది. చంద్రుడు మూడు రోజుల్లో ఊరి మీద పడబోతున్నాడు. మన లెక్కలో అది గంటలోపు సమయం. పడేలోగా పాట వాయించి మళ్లీ మొదటి రోజు ఉదయానికి వెళ్లిపోవచ్చు. ఊళ్లో ఒక్కొక్కరికీ ఒక్కో దినచర్య ఉంది. ఏ వేళకు ఎవరు ఎక్కడ ఉంటారన్నది మన కోసం ఆగదు.

ఆ ఊళ్లో సత్రం నడిపే ఆంజుకు, శాపం తగిలి చిన్నపిల్లాడిగా మారిపోయిన కఫేయ్‌కు పెళ్లి కుదిరింది. అతని పెళ్లి ముసుగును సాకాన్ అనే దొంగ ఎత్తుకుపోయాడు. అది దొరికితే తప్ప ఆమెకు కనిపించలేనని అతను దాక్కుని ఉన్నాడు. ఇద్దరినీ కలపాలంటే మూడు రోజులూ ఇదే పని మీద ఉండాలి. సరైన వేళకు ఉత్తరం అందుకోవాలి, రాత్రిపూట వంటింట్లో ఆంజును కలవాలి, మూడో రోజు సాయంత్రం దొంగ స్థావరం ముందు కాచుకుని ఉండాలి. వాళ్లిద్దరూ కలుసుకునేసరికి చంద్రుడు పడటానికి కొద్దిసేపే ఉంటుంది. ఆ మూడు రోజుల్లో ఇంకెవరికో చేయగలిగిన సాయం చేయకుండానే ఇది చేశాం.

మొదటి రాత్రి ఊరి ఉత్తరాన ఒక ముసలమ్మ బాంబుల సంచి మోసుకుంటూ వస్తుంది. సాకాన్ దాన్ని లాక్కుని పరుగెత్తుతాడు. మనం అక్కడ ఉంటే కత్తి దూసి ఆపొచ్చు. ముసలమ్మ సంతోషించి బహుమతి కూడా ఇస్తుంది. కానీ ఆ రాత్రి దొంగను అడ్డుకుంటే అతను ఆ సొత్తు అమ్మడానికి కొట్టుకు రాడు, అతని కోసం అక్కడ కాచుకున్న కఫేయ్‌కు జాడ దొరకదు, ఆ మూడు రోజుల్లో ఆ పెళ్లి జరగదు. ఎవరూ హెచ్చరించరు, ఎర్ర అక్షరాలేవీ పడవు. ముసలమ్మను కాపాడిన వాడు మూడో రోజు రాత్రి సత్రానికి వెళ్తే, కఫేయ్ అక్కడికి రాడు.